జీతం ఎటు పోయింది?

ఒకటో తారీఖున 50,000 రూపాయల జీతం పడింది, నెలాఖరుకు ఖాతా ఖాళీ. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి ప్రతి పద్దు పక్కనా అవసరం, సరదా, పొదుపు అని రాయడం మొదలుపెడదాం.

అద్దె, కిరాణా, కరెంటు, స్కూలు ఫీజు కలిపి 26,000. ఇవి అవసరాలు. హోటళ్లు, సినిమాలు 5,000. ఇవి సరదాలు. రికరింగ్ డిపాజిట్‌కు 5,000. ఇది పొదుపు. ఇంతవరకూ తేలికే. మిగిలిన 14,000 దగ్గరే చిక్కు.

అందులో 8,000 క్రెడిట్ కార్డు బిల్లు. అది ఖర్చు పేరు కాదు, చెల్లింపు పేరు. కార్డు స్టేట్‌మెంట్ తెరిస్తే పెట్రోలు, మందులు 3,000, బట్టలు 5,000 అని తేలుతుంది. బిల్లునూ, ఈ కొనుగోళ్లనూ రెండింటినీ లెక్కేస్తే ఒకే డబ్బును రెండుసార్లు రాసినట్టే. ఏటీఎంలో తీసిన 4,000 ఎటు పోయిందో స్టేట్‌మెంట్ చెప్పదు. గుర్తు చేసుకుంటే పాలు, కూరలకు 2,500, టీ, టిఫిన్లకు 1,500. రెండో ఖాతాకు పంపిన 2,000 పొదుపులా కనిపించింది. కానీ ఆ ఖాతా స్టేట్‌మెంట్ చూస్తే, అది కొత్త ఫోన్ వాయిదాకు పోయింది. పాత ఫోన్ బాగానే ఉంది కాబట్టి ఇదీ సరదానే.

ఇప్పుడు అసలు లెక్క: అవసరాలు 31,500, సరదాలు 13,500, పొదుపు 5,000. అంటే 63, 27, 10 శాతం.

ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు 2005లో ప్రచారంలోకి తెచ్చిన కొలత 50, 30, 20. అద్దెలు మండే నగరంలో సగంతో అవసరాలు తీరకపోవచ్చు. అయితే ఒక్క నెలను చూసి తీర్పు చెప్పకండి. ఏడాదికోసారి కట్టే బీమా ప్రీమియాన్ని పన్నెండుతో భాగించి కలపాలి.