వాడపల్లి సిమెంటు పాలమూరుకు లారీలోనే ఎందుకు?

మిర్యాలగూడ: కృష్ణా, మూసీ కలిసే వాడపల్లి వద్ద సిమెంటు ఫ్యాక్టరీ ఉంది. దాని పక్కనే విష్ణుపురం రైల్వే స్టేషనూ ఉంది. అయినా ఇక్కడి బస్తా మహబూబ్‌నగర్ జిల్లా దుకాణానికి చేరేది లారీ మీదనే. రైలు కిరాయి చవక కదా, మరి లారీ ఎందుకని చాలామంది అడుగుతుంటారు. జవాబు పట్టాల మీద లేదు. బస్తా ఎక్కేచోట, దిగేచోట ఉంది.

ముందు దారి సంగతి. మిర్యాలగూడ నుంచి హాలియా, మల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా జడ్చర్లకు 167వ నంబరు జాతీయ రహదారి నేరుగా పోతుంది. రైలుకు అటువంటి అడ్డదారి లేదు. విష్ణుపురంలో బయలుదేరిన గూడ్సు నల్లగొండ, బీబీనగర్ దాటి, హైదరాబాదు చుట్టి, మళ్ళీ దక్షిణానికి దిగి జడ్చర్ల చేరాలి. బీబీనగర్-గుంటూరు మార్గానికి రెండో లైను వేసేందుకు 2023లో కేంద్ర మంత్రివర్గం అనుమతించింది. రెండో లైను పడితే బండ్లు ఆగడం తగ్గుతుందేమో గాని ఈ చుట్టు తిరుగుడు తగ్గదు.

అసలు చిక్కు రేకుతో వస్తుంది. రైల్వే వారు రేకు లెక్కన సరుకు తీసుకుంటారు. మూత వ్యాగన్లు 42 ఉన్న రేకులో సుమారు 2,600 టన్నులు పడతాయి. యాభై కిలోల బస్తాల్లో చెబితే 52,000 బస్తాలు, అంటే వ్యాగనుకు 1,200 పైచిలుకు. పల్లె దుకాణదారు ఒకసారికి తెప్పించుకునేది ఒక లారీ, అంటే 20 టన్నులు, 400 బస్తాలు. రేకు నింపాలంటే అలాంటి దుకాణదారులు 130 మంది ఒకే రోజున ఆర్డరు పెట్టాలి. అది జరిగే పని కాదు.

సరే, కంపెనీయే ధైర్యం చేసి ఒక రేకు జడ్చర్లకు పంపిందనుకుందాం. ఖాళీ చేయడానికి 9 గంటలు గడువు ఇచ్చారనుకుంటే, గంటకు 5,800 బస్తాలు దిగాలి. గిడ్డంగి దగ్గరలోనే ఉండి, లారీ నింపుకుని పోయి దింపి తిరిగి రావడానికి 3 గంటలు పడితే ఒక్కో లారీ మూడు ట్రిప్పులు వేస్తుంది. 130 ట్రిప్పులకు 44 లారీలు కావాలి. సరుకు అచ్చంపేట, నాగర్‌కర్నూలు దాకా పోవాలంటే లారీ రోజుకు ఒక్క ట్రిప్పుకు మించి వేయలేదు. అన్ని లారీలు, అంతమంది హమాలీలు ఒక్క పూటకు ఎక్కడ దొరుకుతారు? పైగా రేకు వచ్చేది అర్ధరాత్రి కావచ్చు, పండుగనాడూ కావచ్చు.

గడువు దాటితే డెమరేజి పడుతుంది. వ్యాగనుకు గంటకు 150 రూపాయల లెక్కన 42 వ్యాగన్లకు గంటకు 6,300 రూపాయలు. ఆ భయంతో ముఠా మేస్త్రి బస్తాలను ప్లాట్‌ఫారం మీదికి దింపించేస్తాడు. వ్యాగను ఖాళీ అవుతుంది గాని అదే బస్తాను మళ్ళీ లారీకి ఎత్తాలి. ప్లాట్‌ఫారం మీద ఎక్కువసేపు ఉంచితే వార్ఫేజి కట్టాలి. ఈలోగా వాన పడిందా, సిమెంటు పని అయిపోయినట్లే. కొనేవారు ఒకటి గమనించాలి. బస్తాలో గడ్డలు వేళ్ళతో నలిపితే పొడి అయిపోతే అది దొంతిలో కింద పడి బరువుకు నొక్కుకున్న సరుకు, వాడుకోవచ్చు. నలిపినా నలగకపోతే తేమ తగిలి గట్టిపడినట్లు.

లారీ లెక్క వేరు. ఫ్యాక్టరీలో ఎక్కించడం, దుకాణం ముందు దింపడం, బస్తాను ముట్టేది రెండేసార్లు. రైలైతే వ్యాగన్లోకి ఒకసారి, వ్యాగను నుంచి లారీకి ఒకసారి, గిడ్డంగిలోకి ఒకసారి, అక్కడి నుంచి మళ్ళీ లారీకి, చివరకు దుకాణంలోకి. ఐదుసార్లు అయింది. ప్రతిసారీ కూలి ఉంది, చిరుగు ఉంది. కొద్ది దూరంలో రైలు కిరాయిలో మిగిలింది ఈ కూలి కిందే పోతుంది.

మిర్యాలగూడ బియ్యం కథ దీనికి తలకిందులు. మిల్లు నుంచి ఎఫ్‌సీఐ గోదాముకు, అక్కడి నుంచి వ్యాగనుకు, కేరళలోనో తమిళనాడులోనో దిగి మళ్ళీ గోదాముకు చేరేసరికి బస్తాను ఆరుసార్లు ఎత్తి దించుతారు. అయినా రైలే గిట్టుబాటు. దూరం వందల కిలోమీటర్లు, పంపేవారూ పుచ్చుకునేవారూ ఒక్కరే, రేకు నిండా ఒకే సరుకు. ఇన్ని చేతులు మారినందుకు తగలే దెబ్బ తరుగు రూపంలో కనబడుతుంది. అన్ని బస్తాలూ కొద్దికొద్దిగా, ఒకే తీరుగా తగ్గి, మూతి కుట్టు చెదరకుండా ఉంటే బియ్యం ఆరి బరువు తగ్గిందని అనుకోవచ్చు. కొన్ని బస్తాలు మాత్రమే వదులై, బాగా తేలికగా ఉంటే కొక్కెం దిగబడిన చోటో, విప్పి మళ్ళీ కుట్టిన చోటో వెతకాలి. తలుపు దగ్గరి వరుసలో మాత్రమే మరకలుంటే వ్యాగను తలుపు సందులోంచి వాన కొట్టిందన్నమాట. అందుకే తెలిసిన గుమస్తా సీలు తీయగానే ముందు తలుపు దగ్గరి వరుసను చూసుకుని, ఆ తరువాతే దింపమంటాడు.