కలరా ఉండతో అణువును తూచడం

పరీక్ష నాళికలో లేత పసుపు రంగు ద్రవం చల్లారుతోంది. అందులో ఒక థర్మామీటరు, పక్కనే చివర చుట్టగా వంచిన తీగ. తీగను పైకీ కిందికీ ఆడిస్తూ అర నిమిషానికోసారి ఉష్ణోగ్రత రాసుకుంటున్నాం. 80 దాటింది, 79 దాటింది, 78 కూడా దాటింది. 76.4 డిగ్రీల దగ్గర క్షణం ఆగింది. అంతలో నాళిక గోడ మీద తళుక్కుమంటూ పలుకులు పుట్టాయి. చల్లారుతున్న ద్రవం కాస్తా తనంతట తనే వేడెక్కి 77.0కి ఎగబాకింది.

ఈ రెండు అంకెల మధ్య ఉన్నది 0.6 డిగ్రీల తేడా. కానీ ఈ ద్రవం గడ్డకట్టే ఉష్ణోగ్రతగా దేన్ని రాసుకుంటామన్న దాని మీదే మన జవాబు ఆధారపడి ఉంది. ఒకటి రాస్తే అందులో కరిగిన పదార్థం అణువులో ఆరు పరమాణువులున్నట్టు తేలుతుంది, ఇంకోటి రాస్తే ఎనిమిది.

ఆ ద్రవం కరిగిన నాఫ్తలీన్. బట్టల బీరువాలో వేసే కలరా ఉండ చాలావరకు ఇదే. అందులో కరిగించిన పసుపు పొడి గంధకం. గంధకం పరమాణు భారం 32 అని మనకు తెలుసు. అయితే ఆ పరమాణువులు ఒంటరిగా ఉంటాయా, జంటలుగా తిరుగుతాయా, గుంపు కడతాయా? అణువు బరువు తెలిస్తే తప్ప చెప్పలేం. అణువును త్రాసులో వేయలేం కాబట్టి ఆ పని థర్మామీటరుకు అప్పగిస్తున్నాం.

లెక్కించేది బరువును కాదు, తలలను

స్వచ్ఛమైన నాఫ్తలీన్ 80.2 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది. ఆ ఉష్ణోగ్రత దగ్గర ద్రవంలోంచి కొన్ని అణువులు వచ్చి పలుకుకు అతుక్కుంటుంటే, పలుకులోంచి అన్నే అణువులు ఊడి ద్రవంలో కలుస్తుంటాయి. రాకపోకలు సమానం. ఇప్పుడు ద్రవంలో గంధకం కలిపాం. ద్రవంలో కొంత చోటును గంధకం అణువులు ఆక్రమించాయి. దాంతో పలుకు దగ్గరికి చేరే నాఫ్తలీన్ అణువులు తగ్గాయి. పలుకులో గంధకం లేదు కనుక అక్కడినుంచి ఊడిపోయేవి మాత్రం తగ్గలేదు. రాకపోకలు మళ్లీ సమానం కావాలంటే ద్రవం ఇంకాస్త చల్లబడాలి. దీన్నే ఘనీభవన స్థాన నిమ్నత అంటారు.

ఇక్కడ చోటు ఆక్రమించిన అణువు ఏ పదార్థానిదన్నది ముఖ్యం కాదు. అలాంటివి ఎన్ని ఉన్నాయన్నదే ముఖ్యం. ఒక గ్రాము పొడిలో అణువులు తేలికైనవైతే వాటి సంఖ్య ఎక్కువ, ఉష్ణోగ్రత ఎక్కువ తగ్గుతుంది. బరువైనవైతే సంఖ్య తక్కువ, తగ్గుదలా తక్కువే. ఉప్పు ఎంత కరిగిస్తే నీరు గడ్డకట్టే ఉష్ణోగ్రత అంతకు తగ్గట్టు పడిపోతుందని 1788లోనే బ్రిటిష్ శాస్త్రవేత్త చార్లెస్ బ్లాగ్డెన్ చూపించాడు. దాన్ని అణుభారాలు కనుక్కునే పద్ధతిగా మలిచింది 1880ల్లో ఫ్రాన్స్‌కు చెందిన రౌల్ట్.

ప్రతి ద్రావణికీ ఒక స్థిరాంకం ఉంటుంది. కిలో నాఫ్తలీన్‌లో ఒక మోల్ అణువులు కరిగితే గడ్డకట్టే ఉష్ణోగ్రత 6.9 డిగ్రీలు తగ్గుతుంది. నీటికైతే ఇది 1.86 మాత్రమే. లెక్క ఇంత చిన్నది:

```
M = (Kf × w × 1000) / (ΔT × W)
```

ఇందులో w పొడి బరువు, W నాఫ్తలీన్ బరువు, రెండూ గ్రాముల్లో. ΔT అంటే ఉష్ణోగ్రతలో వచ్చిన తగ్గుదల. M మనకు కావలసిన మోలార్ ద్రవ్యరాశి.

బల్ల మీద ప్రయోగం

పది గ్రాముల నాఫ్తలీన్ తూచి నాళికలో వేసి, మరుగుతున్న నీళ్ల బీకరులో పెట్టి కరిగించాలి. నాఫ్తలీన్ ఆవిరి మండుతుంది, పీల్చడమూ మంచిది కాదు. అందుకే నేరుగా మంట తగలనివ్వకూడదు, గాలి బాగా ఆడే చోటే ఈ పని చేయాలి. అంతా కరిగాక నాళికను ఇంకాస్త పెద్ద నాళికలో నిలబెడతారు. రెండింటి మధ్య ఉన్న గాలి పొర వల్ల వేడి నెమ్మదిగా పోతుంది. మా థర్మామీటరులో ఉష్ణోగ్రత దిగుతూ వచ్చి 79.8 దగ్గర నిమిషాల తరబడి కదలకుండా నిలిచింది. పుస్తకంలో 80.2 అని ఉన్నా మనం రాసుకోవలసింది 79.8నే. అదే థర్మామీటరుతో రెండు కొలతలూ తీసుకుని తేడానే వాడతాం కనుక, దాని సొంత లోపం రెండు వైపులా కొట్టుకుపోతుంది.

తర్వాత నాఫ్తలీన్‌ను మళ్లీ కరిగించి ఒక గ్రాము గంధకం వేసి, అంతా కలిసేదాకా ఓపిగ్గా కదిపాం. చల్లారేటప్పుడు జరిగిందే మొదట చెప్పాను. 76.4 దాకా దిగి 77.0కి ఎక్కింది. ఆ తర్వాత కూడా అది నిలకడగా ఆగలేదు, నెమ్మదిగా కిందికి జారుతూనే ఉంది.

అతి పెద్ద తప్పు దొర్లేది ఇక్కడే. 76.4 గడ్డకట్టే ఉష్ణోగ్రత కాదు. మొదటి పలుకు పుట్టడానికి ఆధారం దొరకక, గడ్డకట్టాల్సిన చోటు దాటిపోయి కూడా ద్రవం ద్రవంగానే ఉండిపోయింది. దీన్ని అతిశీతలీకరణం అంటారు. పలుకులు పుట్టగానే లోపలి వేడి బయటపడి ఉష్ణోగ్రత పైకి లేచింది. మరి 77.0? అదీ పూర్తిగా సరి కాదు. అప్పటికే కొంత నాఫ్తలీన్ గడ్డకట్టి విడిపోయింది. మిగిలిన ద్రవంలో గంధకం పాలు పెరిగింది. అందుకే ఉష్ణోగ్రత ఇంకా జారుతోంది.

సరైన అంకె కాలానికీ ఉష్ణోగ్రతకూ గీసిన గ్రాఫులో దొరుకుతుంది. గడ్డకట్టడం మొదలయ్యాక నెమ్మదిగా జారే గీతను స్కేలు పెట్టి వెనక్కి పొడిగించాలి. అది మొదట్లో నిటారుగా దిగిన గీతను ఎక్కడ కలుస్తుందో అదే మనకు కావలసిన ఉష్ణోగ్రత. మా గ్రాఫులో రెండు గీతలు 77.2 దగ్గర కలిశాయి. అంటే తగ్గుదల 79.8 నుంచి 77.2 తీసేస్తే 2.6 డిగ్రీలు. సూత్రంలో వేస్తే 6900ను 26తో భాగించాలి, 265 వస్తుంది. దాన్ని 32తో భాగిస్తే 8.3. పరమాణువుల సంఖ్యలో భిన్నం ఉండదు కనుక జవాబు ఎనిమిది. నిజంగానే గంధకం అణువు ఎనిమిది పరమాణువుల వలయం. దాని అసలు మోలార్ ద్రవ్యరాశి దాదాపు 256.5.

అదే 76.4ను తీసుకుని ఉంటే తగ్గుదల 3.4 అయ్యేది, జవాబు 203 వచ్చేది. 32తో భాగిస్తే ఆరు పై చిల్లర. 77.0ను తీసుకుంటే 246, అంటే 7.7. పొడి అదే, నాళిక అదే, తప్పంతా చదివిన చోటే.

ఏ తప్పు ఎటు లాగుతుంది

ఈ లెక్కలో అన్ని తప్పుల బరువూ ఒకటి కాదు. పది గ్రాములు తూచడంలో ఒక సెంటీగ్రాము అటూ ఇటూ అయితే జవాబు మారేది వెయ్యింట ఒక వంతు. ఉష్ణోగ్రత సంగతి వేరు. మొత్తం తగ్గుదలే 2.6 డిగ్రీలు. ప్రతి రీడింగులో 0.1 డిగ్రీ అనుమానం ఉందనుకోండి, తేడా 2.4 నుంచి 2.8 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. జవాబు 288కీ 246కీ మధ్య ఊగుతుంది. 288 అంటే సరిగ్గా తొమ్మిది పరమాణువులు! డిగ్రీకి ఒకే గీత ఉన్న థర్మామీటరుతో ఈ ప్రశ్నకు జవాబు తేలదు. డిగ్రీలో వందో వంతు దాకా చదవగలిగే ప్రత్యేక థర్మామీటరును జర్మన్ శాస్త్రవేత్త బెక్‌మన్ తయారుచేసింది ఇలాంటి పనికోసమే.

తగ్గుదల ఎక్కువగా కనిపించేలా చేసే ప్రతి తప్పూ జవాబును కిందికి లాగుతుంది. అతిశీతలీకరణం అలాంటిదే. వేడి చేస్తున్నంతసేపూ నాఫ్తలీన్ ఆవిరై పోవడం కూడా అంతే. పదిలో అర గ్రాము పోతే జవాబు అయిదు శాతం తగ్గుతుంది. నాళిక పైభాగంలో తెల్లటి పెచ్చు కట్టిందంటే అది జరిగిందని గుర్తు. తగ్గుదలను తక్కువ చేసి చూపే తప్పు జవాబును పైకి నెడుతుంది. గోడకు అంటుకుని 0.1 గ్రాము గంధకం కరగకుండా మిగిలినా చాలు, జవాబు 284 దాకా పోతుంది, అణువుకు తొమ్మిదో పరమాణువు వచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే చల్లార్చే ముందు నాళికను వెలుతురుకు ఎత్తి అడుగున ఒక్క రేణువైనా మిగిలిందేమో చూడాలి.

ఇంకో పొరపాటు మొదటి కొలతలోనే బయటపడుతుంది. కొన్ని కలరా ఉండలు నాఫ్తలీన్‌తో కాక పారాడైక్లోరోబెంజీన్‌తో చేస్తారు. అది 53 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, దాని స్థిరాంకమూ వేరు. స్వచ్ఛమైన ద్రావణితో మొదటి గ్రాఫు గీయకుండా నేరుగా పొడి కలిపేవాళ్లకు ఈ సంగతి తెలిసే వీలే ఉండదు.

కొన్నిసార్లు చేతిలో ఏ తప్పూ లేకపోయినా అంకె వింతగా వస్తుంది. బెంజాయిక్ ఆమ్లం మోలార్ ద్రవ్యరాశి 122. బెంజీన్‌లో కరిగించి కొలిస్తే దాదాపు రెట్టింపు చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ దాని అణువులు జంటలు కడతాయి. నీటిలో ఉప్పుకు 58.5 రావలసింది అందులో సగానికి దగ్గరగా వస్తుంది, ఒక్కోటి రెండు అయాన్లుగా విడిపోవడమే కారణం. ఇది చేతి తప్పా, పదార్థం గుణమా తేల్చుకోవాలంటే పొడి మోతాదు సగం చేసి ఇంకోసారి చేయాలి. రెండు మోతాదుల్లోనూ జవాబు ఒకటే అయితే నమ్మొచ్చు. మోతాదుతో పాటు జవాబూ మారుతుంటే అణువులు కలవడమో విడిపోవడమో జరుగుతోంది, లేదా ద్రావణం ఈ సూత్రానికి లొంగనంత చిక్కగా ఉంది. తగ్గుదల పెద్దదైతే కొలవడం తేలికని పొడిని ఎడాపెడా వేయకూడదనేది అందుకే.

పెద్ద తగ్గుదల కావాలంటే ద్రావణినే మార్చాలి. 1922లో రాస్ట్ అనే శాస్త్రవేత్త కర్పూరాన్ని ఎంచుకున్నాడు. దాని స్థిరాంకం దాదాపు 40, కనుక మామూలు థర్మామీటరే చాలు. అయితే కర్పూరం కరిగేది దాదాపు 178 డిగ్రీల దగ్గర. ఆ వేడికి చెడిపోయే పదార్థాలకు అది పనికిరాదు.

ఈ ప్రయోగం చేసే విద్యార్థులకు ఒక మాట. మీకు 265 వస్తే రికార్డు పుస్తకంలో 265 అనే రాయండి, 256 అని దిద్దకండి. పక్కన మీ థర్మామీటరు ఎంతవరకు చదవగలదో రాయండి, గ్రాఫు అతికించండి. 265 వచ్చినా గంధకం అణువులో ఎనిమిది పరమాణువులున్నాయని తేలింది, ఆ ప్రశ్నకు ఆ జవాబు సరిపోతుంది.