మారాం ఎవరు నేర్పారు?

కుల్ఫీ బండి గంట వినగానే పిల్లవాడికి నోరూరుతుంది. కుల్ఫీ ఇంకా కనిపించనే లేదు. అలవాట్లు ఎలా అంటుకుంటాయో చెప్పే మూడు సిద్ధాంతాలను మనస్తత్వశాస్త్ర పాఠాలు ఇలా పట్టికలో పెడతాయి:

| సిద్ధాంతం | మూల భావన | ఉదాహరణ |
|---|---|---|
| పావ్‌లోవ్: శాస్త్రీయ నిబంధనం | రెండు విషయాలు పదేపదే జంటగా వస్తే, మొదటిదానికే శరీరం స్పందిస్తుంది | కుల్ఫీ గంటకు నోరూరడం |
| స్కిన్నర్: కార్యసాధక నిబంధనం | వచ్చిన ఫలితాన్ని బట్టి ఆ పని పెరుగుతుంది, లేదా తగ్గుతుంది | ఏడిస్తే ఫోన్ దొరకడం |
| బందూరా: సాంఘిక అభ్యసనం | ఇతరులను చూసి నేర్చుకుంటాం | అక్కలా బొమ్మకు పాఠం చెప్పడం |

వీటిలో ఎక్కువమంది పొరబడేది రెండో వరుసలోనే. పిల్లవాడు ఏడ్చాడు, అమ్మ ఫోన్ ఇచ్చింది. వాడికి కోరుకున్నది దొరికింది కాబట్టి రేపూ ఏడుస్తాడు. ఇది ధనాత్మక పునర్బలనం. అమ్మకు చెవుల్లో హోరు ఆగింది కాబట్టి రేపూ ఫోన్ ఇస్తుంది. ఇది రుణాత్మక పునర్బలనం. దీన్ని చాలామంది శిక్ష అనుకుంటారు. గుర్తు ఒక్కటే: పని పెరిగితే పునర్బలనం, తగ్గితే శిక్ష.

అమ్మ ఫోన్ ఇవ్వడం మానేస్తే మొదట్లో ఏడుపు పెరగవచ్చు. పద్ధతి పనిచేయడం లేదని అక్కడే అనుకుంటాం. ఆ క్షణంలో ఫోన్ చేతికిస్తే, ఇంకా గట్టిగా ఏడవాలని మనమే నేర్పినట్టు. ఒకరోజు ఇచ్చి, ఒకరోజు మానితే అలవాటు మరింత మొండికేస్తుంది. ఎందుకంటే ఈసారైనా దొరుకుతుందన్న ఆశ వాడిలో మిగిలే ఉంటుంది.