బిల్లులో రాష్ట్రం పేరు

గుంటూరులో ఇంటి నుంచే చీరలమ్మే ఒకావిడకు బెంగళూరు నుంచి ఆర్డరొచ్చిందనుకుందాం. సూరత్ నుంచి తెప్పించిన ప్రింటెడ్ మిల్లు చీర, ధర 2000. పార్సిల్ ఖర్చు 100.

ఆంధ్రప్రదేశ్‌లోపలే సరుకు అమ్ముకుంటే ఏడాదికి 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ ధైర్యంతోనే చాలామంది పొరుగు రాష్ట్రాలకూ పంపేస్తుంటారు. కానీ పన్ను పడే సరుకు సరిహద్దు దాటితే ఆ మినహాయింపు వర్తించదు. కొన్ని చేతివృత్తుల వస్తువులకు సడలింపు ఉంది. మిల్లు చీరకు లేదు. కాంపోజిషన్ పథకంలో ఉన్నవారు బయటి రాష్ట్రాలకు అమ్మనే కూడదు.

రిజిస్టరయ్యాక బిల్లు ఇలా ఉంటుంది. చీర, పార్సిల్ ఖర్చు కలిపి 2100. చీరతో కలిపి వసూలు చేసే పార్సిల్ ఖర్చుకూ చీర రేటే, అంటే 5 శాతం. పన్ను 105, మొత్తం 2205. చీర ధర మీదే పన్ను వేస్తే ఆ తేడా చేతి నుంచి కట్టాలి.

ఆ 105 మొత్తం ఐజీఎస్టీ. సరుకు చేరేది కర్ణాటక కాబట్టి, బిల్లుపై కొన్నవారి చిరునామాతోపాటు రాష్ట్రం పేరూ రాయాలి. అలవాటుగా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అని సగం సగం చూపితే, ఐజీఎస్టీని మళ్లీ కట్టి, ముందు కట్టినదాన్ని వాపసు అడగాలి. చిన్న వ్యాపారికి ఆ డబ్బు ఇరుక్కోవడం పెద్ద బాధే. అందుకే బిల్లు వరుస నంబరు వేసేటప్పుడే డెలివరీ చిరునామా చూసుకోవాలి.