బాక్స్ ప్లాట్ పఠనం: ఒకే సగటు గల రెండు సెక్షన్ల మార్కుల పోలిక

వ్యాససంగ్రహం: రెండు సెక్షన్ల పరీక్ష మార్కుల సగటు ఒకటే అయినప్పుడు, ఆ రెండు సెక్షన్ల అభ్యసన స్థితి కూడా ఒకటే అన్న నిర్ణయానికి రావడం ఉపాధ్యాయ పరిశోధనల్లో తరచుగా కనిపించే పొరపాటు. మధ్యగతం, చతుర్థాంశాలు, వ్యాప్తి, విడి విలువలు అనే నాలుగింటినీ ఒకే బొమ్మలో చూపే బాక్స్ ప్లాట్‌ను ఎలా గీయాలో, ఎలా చదవాలో, ఆ బొమ్మ ఏమి చెప్పలేదో ఒక ఉదాహరణ ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: బాక్స్ ప్లాట్, మధ్యగతం, చతుర్థాంశం, వ్యాప్తి, విడి విలువ, చర్యాత్మక పరిశోధన.

1. ఉపోద్ఘాతం

చిత్తూరు జిల్లా కార్వేటినగరంలో జిల్లా విద్యా శిక్షణ సంస్థ (డైట్) ఉంది. ఇటువంటి సంస్థలలో చదివే ఛాత్రోపాధ్యాయులు బోధనాభ్యాసం కోసం పరిసర పాఠశాలలకు వెళతారు. చర్యాత్మక పరిశోధనలో భాగంగా ఒక సెక్షన్‌కు అలవాటైన పద్ధతిలోనూ, మరొక సెక్షన్‌కు కొత్త పద్ధతిలోనూ ఒకే పాఠం చెప్పి, చివర ఒకే పరీక్ష పెట్టడం అందరికీ తెలిసిన నమూనా. నివేదికలో సాధారణంగా మిగిలేది రెండు సగటులు మాత్రమే. ఆ రెండూ సమానమైతే “కొత్త పద్ధతి వల్ల తేడా ఏమీ లేదు” అని రాసి ముగిస్తారు. పరిహార బోధన ఎవరికి అవసరమన్న ప్రశ్న అక్కడితో మరుగున పడిపోతుంది.

అటువంటి ఒక సందర్భాన్ని ఇక్కడ పరిశీలిద్దాం. కింది మార్కులు వివరణ కోసం కల్పించినవి; ఏ పాఠశాలకూ చెందినవి కావు. ఎనిమిదో తరగతి గణితంలో 50 మార్కుల పరీక్ష. ‘ఎ’ సెక్షన్‌కు అలవాటైన బోధన, ‘బి’ సెక్షన్‌కు జట్లుగా కూర్చోబెట్టి చేయించిన కృత్యాధార బోధన జరిగాయనుకుందాం. ఒక్కొక్క సెక్షన్‌లో 15 మంది. మార్కులను ఆరోహణ క్రమంలో రాస్తే:

‘ఎ’: 19, 22, 23, 24, 25, 26, 26, 27, 28, 29, 29, 30, 31, 33, 48

‘బి’: 8, 12, 14, 17, 20, 26, 30, 32, 33, 34, 35, 36, 38, 42, 43

రెండింటి మొత్తం 420. రెండింటి సగటు 28.

2. పెట్టెను గీయడం

బాక్స్ ప్లాట్‌ను నేడు వాడుకలో ఉన్న రూపంలో ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికన్ గణాంకవేత్త జాన్ టుకీ. 1977లో వెలువడిన ఆయన గ్రంథం ద్వారా ఇది విస్తృతంగా వ్యాపించింది. దానికి పూర్వమే, 1952లో, మేరీ ఎలినార్ స్పియర్ దీనికి దగ్గరగా ఉండే పట్టీ చిత్రాన్ని తన పుస్తకంలో ఇచ్చారు.

గీయడానికి కావలసింది వరుసలో పెట్టిన మార్కులు, ఒక గ్రాఫు కాగితం. 15 మందిలో ఎనిమిదో విద్యార్థి సరిగ్గా నడుమ ఉంటాడు. అతని మార్కే మధ్యగతం. ‘ఎ’లో అది 27, ‘బి’లో 32. మధ్యగతానికి కింద ఏడుగురు మిగులుతారు. వారిలో నడిమివాడు, అంటే వరుసలో నాలుగోవాడు, మొదటి చతుర్థాంశాన్ని ఇస్తాడు: ‘ఎ’లో 24, ‘బి’లో 17. పైనున్న ఏడుగురిలో నడిమివాడు, అంటే వరుసలో పన్నెండోవాడు, మూడో చతుర్థాంశాన్ని ఇస్తాడు: ‘ఎ’లో 30, ‘బి’లో 36.

మొదటి చతుర్థాంశం నుంచి మూడో చతుర్థాంశం వరకు ఒక పెట్టె గీసి, మధ్యగతం దగ్గర పెట్టెను అడ్డంగా కోస్తూ ఒక గీత గీయాలి. రెండు పెట్టెలూ 0 నుంచి 50 వరకు గల ఒకే స్కేలు మీద పక్కపక్కన ఉండాలి. వేరువేరు కాగితాల మీద, వేరువేరు స్కేళ్లతో గీసిన పెట్టెలను కంటితో పోల్చడం వ్యర్థం. నివేదికలలో ఈ లోపం తక్కువేమీ కాదు.

3. మీసాలు, విడి విలువలు

పెట్టె పొడవునే చతుర్థాంశాంతర వ్యాప్తి అంటారు. ‘ఎ’లో ఇది 30 − 24 = 6. ‘బి’లో 36 − 17 = 19. తరగతి నడిమి సగభాగం ఎంత మేర పరచుకొని ఉందో ఈ సంఖ్య చెబుతుంది.

పెట్టెకు రెండు వైపులా సాగే గీతలను ఆంగ్లంలో పిల్లి మీసాలతో పోల్చి విస్కర్లు అన్నారు. ఈ మీసాలు ఎక్కడిదాకా సాగాలి అన్నదానికి టుకీ ఒక నియమం పెట్టాడు. పెట్టె పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరం రెండు వైపులా కొలిచి హద్దులు నిర్ణయించాలి. ‘ఎ’లో 6 × 1.5 = 9. కనుక కింది హద్దు 24 − 9 = 15, పై హద్దు 30 + 9 = 39. మీసం హద్దు వరకు సాగదు. హద్దు లోపల ఉన్న చిట్టచివరి విద్యార్థి వద్ద ఆగిపోతుంది. అందువల్ల ‘ఎ’ మీసాలు 19 వద్ద, 33 వద్ద ఆగుతాయి. 48 పై హద్దును దాటింది. దానిని మీసానికి అవతల ఒంటరి చుక్కగా పెట్టాలి. అదే విడి విలువ.

‘బి’లో 19 × 1.5 = 28.5. హద్దులు −11.5, 64.5. ఇవి పరీక్షలో సాధ్యమైన మార్కులకే ఆవల ఉన్నాయి. కాబట్టి ‘బి’లో ఎవరూ విడి విలువ కారు, మీసాలు 8 నుంచి 43 వరకు సాగుతాయి.

ఇక్కడ ఒక విశేషం ఉంది. ‘బి’లో 8 మార్కులు తెచ్చుకున్న విద్యార్థి ‘ఎ’ సెక్షన్‌లో ఉండి ఉంటే, 15 అనే హద్దుకు దిగువన ఒంటరి చుక్కగా వెంటనే కంటబడేవాడు. ‘బి’లో అతడు మీసం చివర కలిసిపోయాడు. విడి విలువ అన్నది మార్కుకు ఉండే గుణం కాదు. ఆ మార్కుకూ దాని చుట్టూ ఉన్న మార్కులకూ గల సంబంధం. చుక్క లేనంత మాత్రాన వెనుకబడిన విద్యార్థి లేడని అర్థం కాదు.

4. రెండు పెట్టెలను కలిపి చదవడం

| | కనిష్ఠం | మొదటి చతుర్థాంశం | మధ్యగతం | మూడో చతుర్థాంశం | గరిష్ఠం |
|---|---|---|---|---|---|
| ‘ఎ’ | 19 | 24 | 27 | 30 | 48 |
| ‘బి’ | 8 | 17 | 32 | 36 | 43 |

మధ్యగతాలను మాత్రమే చూస్తే ‘బి’ 5 మార్కులు ముందుంది. సగటులు సమానమైనా ఈ తేడా ఎందుకు వచ్చింది? ‘ఎ’లోని ఒక్క 48 ఆ సెక్షన్ సగటును పైకి లాగింది. దానిని తొలగించి లెక్కిస్తే మిగిలిన 14 మంది సగటు 26.57కు దిగుతుంది, మధ్యగతం మాత్రం 27 నుంచి 26.5కు, అంటే అర మార్కు మాత్రమే కదులుతుంది. ‘బి’లో ఇందుకు భిన్నంగా అడుగున ఉన్న కొద్దిమంది సగటును కిందికి లాగారు.

తరువాత చూడవలసింది మధ్యగత గీత పెట్టెలో ఎక్కడ ఉందన్నది. ‘ఎ’లో అది నట్టనడుమ ఉంది. ‘బి’లో పై అంచుకు చేరువగా ఉంది: 17 నుంచి 32 వరకు 15 మార్కుల పొడవు, 32 నుంచి 36 వరకు 4 మార్కుల పొడవు. పొడవైన భాగంలో ఎక్కువ మంది ఉన్నారని పాఠకులు చాలామంది భావిస్తారు. బాక్స్ ప్లాట్‌ను అపార్థం చేసుకోవడంలో ఇదే మొదటిది. పెట్టెలోని రెండు భాగాలలోనూ, రెండు మీసాల మీదా ఉన్నది ఇంచుమించు నాలుగో వంతు విద్యార్థులే. భాగం పొడవైతే అక్కడ విద్యార్థులు పలచగా, చెదిరి ఉన్నారని అర్థం; పొట్టిదైతే ఒత్తుగా ఉన్నారని అర్థం. ‘బి’లో పై సగం దగ్గరదగ్గరగా నడిచింది, కింది సగం చెదిరిపోయింది.

నూటికి 35 అనే ఉత్తీర్ణత రేఖను 50 మార్కులకు కుదిస్తే 17.5 అవుతుంది. ఆ ఎత్తులో రెండు పెట్టెల మీదుగా ఒక అడ్డగీత గీస్తే విషయం తేటపడుతుంది. ‘ఎ’ పెట్టె, మీసాలు అన్నీ గీతకు పైనే ఉన్నాయి. ‘బి’లో పెట్టె కింది అంచే గీతకు దిగువన ఉంది, 8, 12, 14, 17 మార్కుల విద్యార్థులు నలుగురు తప్పారు. మరోవైపు 35కు తగ్గకుండా తెచ్చుకున్నవారు ‘బి’లో ఐదుగురు కాగా ‘ఎ’లో ఒక్కరే. కనుక “తేడా లేదు” అనడం ఎంత తప్పో, మధ్యగతాన్ని పట్టుకొని “కొత్త పద్ధతి మేలు” అనడం కూడా అంతే తప్పు. ‘బి’లోని బోధన అందినవారిని ముందుకు తీసుకుపోయి, అందనివారిని వెనుక వదిలిందా అన్నదే ఈ బొమ్మ లేవనెత్తే ప్రశ్న.

5. చతుర్థాంశాన్ని లెక్కించే పద్ధతులు

ఇవే మార్కులను కంప్యూటర్‌కు ఇస్తే పెట్టె అంచులు వేరుగా రావచ్చు. చతుర్థాంశాన్ని లెక్కించడంలో మధ్యగతాన్ని రెండు సగాల నుంచీ మినహాయించే సంప్రదాయం ఒకటి, రెండింటిలోనూ చేర్చే సంప్రదాయం మరొకటి ఉన్నాయి. పై లెక్క మొదటి దాని ప్రకారం చేసినది. ఎక్సెల్‌లోని బాక్స్ ప్లాట్ కూడా మార్చనంతవరకు దీనినే పాటిస్తుంది. టుకీ స్వయంగా వాడినది రెండోది. ఆర్ భాషలోని `boxplot()` దానిని అనుసరిస్తుంది. ఆ పద్ధతిలో ‘బి’ మొదటి చతుర్థాంశం నాలుగు, ఐదు స్థానాల నడిమి విలువ, అంటే 18.5 అవుతుంది.

17కూ 18.5కూ నడుమనే 17.5 ఉత్తీర్ణత రేఖ ఉంది! ఒక బొమ్మలో పెట్టె అంచు రేఖకు కింద, మరొక బొమ్మలో పైన కనబడుతుంది. తప్పినవారు మాత్రం రెండు సందర్భాలలోనూ నలుగురే. కాబట్టి ఏ పద్ధతి వాడారో నివేదికలో ఒక వాక్యంలో చెప్పాలి. రెండు సెక్షన్లకూ ఒకే పద్ధతి వాడాలి. అంచుకు దగ్గరగా ఉన్న విషయాన్ని తేల్చడానికి అసలు మార్కులనే లెక్కపెట్టాలి.

6. బొమ్మ చెప్పనివి

మధ్యగతాలలోని 5 మార్కుల తేడాను ఎంతవరకు నమ్మవచ్చు? 1978లో మెక్‌గిల్, టుకీ, లార్సెన్ ఒక స్థూలమైన కొలత సూచించారు. పెట్టె పొడవును 1.57తో గుణించి, విద్యార్థుల సంఖ్య వర్గమూలంతో భాగించి, వచ్చినదానిని మధ్యగతానికి రెండు వైపులా పరచాలి. 15 వర్గమూలం సుమారు 3.87. ‘ఎ’కు వచ్చేది 2.4, అంటే 24.6 నుంచి 29.4 వరకు. ‘బి’కి వచ్చేది 7.7, అంటే 24.3 నుంచి 39.7 వరకు. రెండు మేరలూ ఒకదానిపై ఒకటి పడుతున్నాయి. 15 మందితో, ఇంత చెదిరిన మార్కులతో, మధ్యగతాలు నిజంగా వేరని గట్టిగా చెప్పడానికి వీలులేదు. పైగా బోధనకు ముందు ఇదే స్థాయి పరీక్ష పెట్టి ఉండకపోతే, ‘బి’ మొదటి నుంచే చెదిరి ఉందేమో తెలియదు.

పెట్టె మరొక సంగతిని కూడా దాచుతుంది. ‘బి’ మార్కులను మళ్లీ చూస్తే 8 నుంచి 20 వరకు ఐదుగురు ఒక గుంపుగా, 30 నుంచి 43 వరకు తొమ్మిదిమంది మరొక గుంపుగా ఉన్నారు. నడుమ 26తో ఒక్కరే. పెట్టె నడిమి భాగం నిండుగా కనిపించినా వాస్తవానికి అక్కడ దాదాపు ఎవరూ లేరు. ఇంత చిన్న తరగతిలో పెట్టె పక్కనే ఒక్కొక్క మార్కుకూ ఒక చుక్క పెడితే ఈ ఖాళీ కనబడుతుంది. కింది గుంపు ఎవరన్నది బొమ్మ చెప్పదు. కార్వేటినగరం తమిళనాడు సరిహద్దుకు చేరువలోని ప్రాంతం; ఇంట తమిళం మాట్లాడే పిల్లలు ఈ వైపు బడులలో ఉంటారు. రాత లెక్కల్లోని తెలుగు వాక్యం అడ్డుపడిందా, హాజరు తక్కువైందా, జట్టులో ఒకరు చేస్తుంటే మిగిలినవారు చూస్తూ ఉండిపోయారా అన్నది జవాబు పత్రాలు తిరగేసి, ఆ ఐదుగురితో మాట్లాడి తెలుసుకోవాలి.

‘ఎ’లోని 48 విషయంలోనూ మొదటి పని జవాబు పత్రం తీయడమే. 28ని మార్కుల జాబితాలో 48గా ఎక్కించి ఉంటే సవరించాలి. అప్పుడు సగటు 26.67కు దిగుతుంది, మధ్యగతం 27గానే నిలుస్తుంది. పత్రంలో నిజంగా 48 ఉంటే ఆ మార్కును జాబితాలోనే ఉంచి, చుక్కను బొమ్మలో అలాగే చూపి, సగటును ఆ విలువతోనూ అది లేకుండానూ రెండు విధాలా ఇవ్వాలి.