పాము కాటు: వాపు, నలుపు, కోరల గాట్లు చూస్తూ ఫొటోల కోసం ఆగవద్దు

కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక ప్రాంతాల నర్సరీల్లో పాములకు కావలసినవన్నీ ఉంటాయి. షేడ్‌నెట్ కింద చల్లని తేమ, వరుసగా పేర్చిన కుండీలు, కొబ్బరి పొట్టు గుట్టలు, వాటిలో చేరే ఎలుకలు, కప్పలు. లారీ లోడింగు సాయంత్రం మొదలై రాత్రి దాకా సాగుతుంది. కవరు మొక్కను పైకెత్తే చెయ్యి, వరుసల మధ్య నడిచే కాలు, కాటు ఎక్కువగా ఈ రెండు చోట్లే పడుతుంది.

ఈ మధ్య కాటు పడగానే గాయాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపడం, "ఇది విషపు పామేనా?" అని జవాబు కోసం చూడడం అలవాటైంది. కాటు పడిన చోట ఏం జరుగుతుందో తెలిస్తే ఆ ఫొటో ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది.

కోరల గాట్లు ఏం చెబుతాయి?

రెండు గాట్లుంటే విషపు పాము, చిన్న గాట్ల వరుస ఉంటే విషం లేని పాము అని చాలామంది నమ్మకం. దీన్ని నమ్ముకోకూడదు. పాము పక్క నుంచి కరిస్తే ఒక్క గాటే పడుతుంది. రెండుసార్లు కరిస్తే మూడు, నాలుగు పడతాయి. కట్ల పాము కోరలు చాలా చిన్నవి కాబట్టి గాటు కంటికి కనబడకపోవచ్చు. ఆ కాటుకు వాపు గానీ, చెప్పుకోదగ్గ నొప్పి గానీ ఉండవు. కొన్ని గంటల తరువాత కడుపు నొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, ఊపిరి అందకపోవడం మొదలవుతాయి. అందుకే "వాపు లేదు కదా" అని ధైర్యపడకూడదు.

దీనికి ఎదురుగా, మన కాలువల్లో తిరిగే నీరుకట్టు పాము కరిస్తే రక్తం బాగానే కారుతుంది గానీ దానికి ప్రమాదకరమైన విషం లేదు. అంటే గాటును చూసి ప్రమాదం ఎంతో చెప్పలేము.

వాపు, నలుపు ఎందుకు వస్తాయి?

చెయ్యి, కాలు ఎక్కువగా వాచి కమిలిపోయేది రక్తపింజర కాటులో. దీని విషం రెండు పనులు చేస్తుంది. మొదటిది, కాటు పడిన చోట సన్నని రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. నీరు, రక్తం బయటికి ఊరి కండలో, చర్మం కింద చేరుతాయి. అదే వాపు, అదే నల్లగా, ఊదాగా కనబడే కమిలిన మచ్చ. రెండవది, రక్తం గడ్డకట్టడానికి శరీరంలో ఉండే పదార్థాలను ఖర్చు చేసేస్తుంది. అప్పుడు గాటు నుంచి రక్తం ఆగదు. చిగుళ్ల నుంచి, మూత్రంలో కూడా రక్తం రావచ్చు. మూత్రపిండాలు దెబ్బతిని మూత్రం తగ్గిపోవచ్చు.

ఇందులో మొదటిది కంటికి కనబడుతుంది, ప్రాణం తీసే రెండవది చాలాసేపు కనబడదు. ఫొటోలో వచ్చేది చర్మం పైభాగం మాత్రమే.

ఒక ఉదాహరణ చూద్దాం

సాయంత్రం 6.10కి కూలీకి కుడిచేతి వేలి దగ్గర కాటు పడిందనుకుందాం. 6.15కి రెండు ఎర్రని చుక్కలు, మంట. 6.30కి వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుంది. ఏడు గంటలకు వాపు మణికట్టు దాటింది, గాటు చుట్టూ నలుపు మొదలైంది.

6.15కి తీసిన ఫొటోలో రెండు చుక్కలు తప్ప ఏమీ ఉండవు. దాన్ని చూసినవారు "ఏం కాదు" అంటే, ఆ మాట మీద గంట పోతుంది. పాము ఫొటో ఉన్నా చిక్కే. టార్చి వెలుతురులో రక్తపింజరను కొండచిలువ పిల్ల అనో మన్ను పాము అనో పొరబడేవారు ఎందరో.

అదే మనిషిని 6.15కే బండి ఎక్కిస్తే, మామూలు రద్దీలో అరగంటలో రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆసుపత్రిలో ఉంటాడు. అక్కడ 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదల్చకుండా ఉంచుతారు. తరువాత వంచి చూస్తారు. రక్తం గడ్డకట్టకుండా నీరులా జారితే విషం ఎక్కినట్టే. వెంటనే విరుగుడు మందు (యాంటీ వెనమ్) సాధారణంగా 10 వయల్స్‌తో మొదలుపెట్టి నరం ద్వారా ఎక్కిస్తారు. ఆరు గంటల తరువాత మళ్లీ పరీక్షిస్తారు. మొదట రక్తం గడ్డకట్టినా పంపేయరు, 24 గంటలు గమనిస్తారు.

ఇందులో ఎక్కడా ఫొటో అవసరం రాలేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు నాగుపాము, కట్ల పాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేసే ఒకే మందు. అందుకే పాము పేరు కోసం వైద్యం ఆగదు.

ఆలస్యమైతే పోయేది ఏమిటి?

రక్తంలో తిరుగుతున్న విషాన్ని విరుగుడు పట్టుకోగలదు గానీ, అప్పటికే చచ్చిన కండను, దెబ్బతిన్న మూత్రపిండాన్ని బాగుచేయలేదు. ఫొటో కోసం పోయిన గంటకు ఒక్కోసారి వేలు పోతుంది, ఒక్కోసారి డయాలసిస్ తప్పదు, ప్రాణమూ పోవచ్చు.

2018 ఆగస్టులో కృష్ణా జిల్లా దివిసీమలో పాము కాటు కేసులు వరుసగా వచ్చి అవనిగడ్డ ప్రభుత్వ ఆసుపత్రికి చేరాయి. డెల్టాలో వానాకాలపు పనులకు ఈ ప్రమాదం కొత్త కాదు. మన నర్సరీల్లో ఏడాది పొడుగునా నీరు పెడతాము కాబట్టి మనకు ఒక్క వానాకాలమే అనుకోవడానికి లేదు.

కాటు పడితే చేయవలసినవి

• పాముకు దూరంగా జరగండి. దాన్ని చంపడానికి, పట్టడానికి, ఫొటో తీయడానికి దగ్గరికి పోవద్దు. చచ్చిన పాము తల కూడా కొంతసేపు కాటు వేయగలదు.
• ఫోను చేతిలో ఉంటే ముందు 108కి చేయండి. అంబులెన్సు ఆలస్యమయ్యేట్టుంటే ఆటో, కారు, ఏది ఉంటే అది ఎక్కించండి.
• ఉంగరాలు, గాజులు, వాచీ, పట్టీలు, మెట్టెలు వెంటనే తీసేయండి. వాపు వచ్చాక అవే రక్తప్రసరణను ఆపుతాయి.
• కాటు పడిన చెయ్యి గానీ కాలు గానీ కదలకుండా, ఎముక విరిగినప్పుడు చేసినట్టు కర్ర ఆనించి తువ్వాలుతో వదులుగా కట్టండి. మనిషిని నడిపించవద్దు.
• తాడుతో బిగించి కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, పసర్లు పూయవద్దు, ఐసు పెట్టవద్దు. గడ్డకట్టని రక్తానికి చిన్న కోత కూడా పెద్ద గాయమే.
• దారిలో ఆగి నొప్పికి కండకు సూది వేయించవద్దు. డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి మాత్రలు మింగించవద్దు. రక్తస్రావం పెరుగుతుంది.
• వాపు ఎక్కడి దాకా వచ్చిందో బండి కదులుతుండగా పెన్నుతో గీత గీసి, పక్కనే టైము రాయండి. ఎంత వేగంగా పాకుతోందో డాక్టరుకు ఆ గీత చెబుతుంది. పెన్ను లేకపోతే వెతకవద్దు.

ఎవరైనా దూరం నుంచి అప్పటికే పాము ఫొటో తీసి ఉంటే ఆసుపత్రిలో చూపించండి, తప్పులేదు. లేకపోతే దాని కోసం వెనక్కి పోవద్దు.

మీ నర్సరీలో ఈ వారమే ఒక పని చేయండి. విరుగుడు మందు రాత్రి వేళ కూడా ఇచ్చే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రి ఏదో వెళ్లి కనుక్కుని, ఆ పేరు, ఫోను నంబరు, రాత్రి బండి నడిపే మనిషి నంబరు షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. కుండీలు కదిలించే ముందు పొడుగు కర్రతో తట్టడం, మందపాటి చేతి తొడుగులు, గమ్‌బూట్లు, టార్చి లోడింగు కూలీలకు ఇవ్వడం యజమాని బాధ్యతగా పెట్టుకోండి.