నడిమికి పక్కన నిలబడ్డ బిందువు

సన్నని ప్లాస్టిక్ కడ్డీ ఒకటి, 21 సెంటీమీటర్ల పొడవు. దాని మీద ధనావేశం ఎక్కడా ఎక్కువ తక్కువలు లేకుండా పరుచుకుని ఉంది: సెంటీమీటరుకు ఒక నానోకూలుంబ్ చొప్పున మొత్తం 21 నానోకూలుంబ్‌లు. కడ్డీకి 12 సెంటీమీటర్ల ఎడంగా P అనే బిందువు ఉంది. అయితే అది కడ్డీ నడిమికి ఎదురుగా లేదు. P నుంచి కడ్డీకి లంబం గీస్తే అది ఎడమ కొస నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర తగులుతుంది. కుడివైపు ఇంకా 16 సెంటీమీటర్ల కడ్డీ మిగులుతుంది. P దగ్గర విద్యుత్ క్షేత్రం ఎంత? ఎటువైపు?

ఇంటర్ ఎంపీసీ చదివినవారికి దీని సులువైన రూపం గుర్తుండే ఉంటుంది. బిందువు సరిగ్గా నడిమికి ఎదురుగా ఉంటే కడ్డీ కుడి సగం ఎడమకు ఎంత నెడుతుందో, ఎడమ సగం కుడికి అంతే నెడుతుంది. ఆ రెండూ కొట్టుకుపోయి, కడ్డీకి లంబంగా ఉన్న అంశం ఒక్కటే మిగులుతుంది. చాలామంది అధ్యాపకులు ఆ ఒక్క సందర్భం చేయించి ముందుకు సాగిపోతారు. బిందువు కాస్త పక్కకు జరిగిందంటే ఆ సౌఠవం పోతుంది, లెక్క మొదటి నుంచీ చేయాల్సి వస్తుంది. అలా చేస్తేనే అసలు విషయం బయటపడుతుంది.

ముందు ఒక అడ్డదారిని చూసి పక్కన పెట్టాలి. కడ్డీ ఆవేశమంతా దాని మధ్యబిందువు దగ్గరే పోగుపడిందనుకుని కూలుంబ్ సూత్రం వాడితే ఏమవుతుంది? మధ్యబిందువు లంబపాదానికి కుడివైపు 5.5 సెంటీమీటర్లలో ఉంటుంది, P నుంచి దూరం 13.2 సెంటీమీటర్లు. క్షేత్రం కూలుంబుకు సుమారు 10,850 న్యూటన్లు వస్తుంది, లంబం నుంచి ఎడమకు 24.6 డిగ్రీలు వాలి ఉంటుంది. పరిమాణమూ తప్పే, దిశా తప్పే. ఎంత తప్పో చెప్పాలంటే సరైన జవాబు కావాలి.

దానికి కడ్డీని చిన్నచిన్న ముక్కలుగా ఊహించుకోవాలి. లంబపాదం నుంచి x దూరంలో dx పొడవున్న ముక్కను తీసుకుందాం. దాని మీది ఆవేశం λ dx. ఇక్కడ λ అంటే ఒక మీటరు పొడవులో ఉండే ఆవేశం. P నుంచి ఆ ముక్కకు దూరం r, లంబదూరం d అయితే r² = x² + d². ముక్క ఇచ్చే క్షేత్రం:

dE = kλ dx / r²

ఇందులో k విలువ SI ప్రమాణాల్లో సుమారు 9 × 10⁹. ఇక్కడే ఒక జాగ్రత్త. ఒక్కో ముక్క P ని ఒక్కో దిశలో నెడుతుంది కాబట్టి ఈ dE లను నేరుగా కూడకూడదు. ప్రతిదాన్నీ రెండు అంశాలుగా విడదీయాలి: కడ్డీకి లంబంగా ఒకటి, కడ్డీ వెంబడి మరొకటి. P నుంచి ముక్కను చూసే గీత లంబంతో చేసే కోణం θ అయితే, లంబ అంశానికి cos θ తో, కడ్డీ వెంబడి అంశానికి sin θ తో గుణించాలి.

ఇప్పుడు x ను వదిలిపెట్టి కోణం θ తోనే లెక్క నడపడం మేలు. x = d tan θ. కాబట్టి dx = d sec² θ dθ, r = d sec θ. భాగిస్తే sec² θ పైనా కిందా పోయి ఇంత చిన్నది మిగులుతుంది:

dx / r² = dθ / d

పుస్తకాలు దీన్ని సమాకలనం తేలిక చేసే ఎత్తుగడగా చూపించి వదిలేస్తాయి. కానీ ఇది చెబుతున్నది చిన్న మాట కాదు. P దగ్గర నిలబడి చూస్తే ఒకే కోణంలో కనబడే ముక్కలన్నీ, దగ్గరివైనా దూరానివైనా, ఒకే బలంతో నెడతాయి.

నమ్మకం కలగాలంటే అంకెలు వేసి చూడవచ్చు. లంబపాదం దగ్గర ఒక డిగ్రీ కోణంలో పట్టే కడ్డీ పొడవు సుమారు 2.1 మిల్లీమీటర్లు, దూరం 12 సెంటీమీటర్లు. కుడి కొస దగ్గర దూరం 20 సెంటీమీటర్లు. అక్కడ చూపు కడ్డీని ఏటవాలుగా తాకుతుంది కాబట్టి అదే ఒక డిగ్రీలో సుమారు 5.8 మిల్లీమీటర్ల కడ్డీ పడుతుంది. దూరం పెరిగి బలం ఎంత తగ్గిందో, ఆవేశం పెరిగి అంతా పూడింది. రెండు ముక్కలూ ఇచ్చేది కూలుంబుకు 131 న్యూటన్లే.

ఇక కూడిక. కోణాన్ని లంబం నుంచి కుడివైపు ధనంగా, ఎడమవైపు ఋణంగా కొలుద్దాం. ఎడమ కొస కోణం θ₁, కుడి కొస కోణం θ₂. cos θ ను సమాకలనం చేస్తే sin θ, sin θ ను చేస్తే −cos θ. అందువల్ల

లంబ అంశం = (kλ/d)(sin θ₂ − sin θ₁)

కడ్డీ వెంబడి అంశం, ఎడమ దిశగా = (kλ/d)(cos θ₁ − cos θ₂)

మన కడ్డీ కొలతలు కావాలనే ఎంచుకున్నవి. P నుంచి ఎడమ కొసకు దూరం 13 సెంటీమీటర్లు, కుడి కొసకు 20. లంబానికి రెండు వైపులా పైథాగరస్ త్రిభుజాలే. sin θ₁ = −5/13, sin θ₂ = 16/20. cos θ₁ = 12/13, cos θ₂ = 12/20. kλ/d విలువ 7,500. లంబ అంశం 7,500 × 1.1846, అంటే సుమారు 8,885. కడ్డీ వెంబడి అంశం 7,500 × 0.3231, సుమారు 2,423. రెండింటినీ కలిపితే మొత్తం క్షేత్రం కూలుంబుకు 9,209 న్యూటన్లు, లంబం నుంచి ఎడమకు 15.3 డిగ్రీల వాలు. మధ్యబిందువు అడ్డదారి పరిమాణాన్ని దాదాపు 18 శాతం పెంచింది, దిశను తొమ్మిది డిగ్రీలకు పైగా తిప్పేసింది. కడ్డీ పొడవుతో పోలిస్తే P చాలా దూరంలో ఉన్నప్పుడే ఆ అడ్డదారి పనికొస్తుంది.

ఆ 15.3 డిగ్రీలు ఎక్కడి నుంచి వచ్చాయి? కుడి కొస లంబానికి 53.13 డిగ్రీల్లో, ఎడమ కొస 22.62 డిగ్రీల్లో ఉన్నాయి. P నుంచి రెండు కొసలకూ గీతలు గీస్తే వాటి మధ్య కోణం 75.75 డిగ్రీలు. దాన్ని రెండు సమభాగాలు చేసే గీత లంబం నుంచి 15.3 డిగ్రీల దగ్గరే పడుతుంది. క్షేత్రం ఎప్పుడూ ఈ సమద్విఖండన రేఖ వెంబడే ఉంటుంది. కారణం పైన చెప్పిందే: సమాన కోణాలు సమానంగా నెడతాయి కాబట్టి, ఆ రేఖకు ఒకవైపు ఉన్న ప్రతి చిన్న కోణానికీ రెండోవైపు జోడీ దొరుకుతుంది. నడిమికి పక్కకు జరగ్గానే పోయిందనుకున్న సౌఠవం పొడవుల్లో పోయిందే గానీ కోణాల్లో ఉండనే ఉంది.

దీన్ని ఇంకోలా కూడా చెప్పవచ్చు. P కేంద్రంగా 12 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఒక చాపం గీసి, కడ్డీ కొసలకు వెళ్లే రెండు గీతల మధ్య దాన్ని ఆపి, సెంటీమీటరుకు అదే ఒక నానోకూలుంబ్ పరిస్తే, P దగ్గర కడ్డీకీ చాపానికీ తేడా తెలియదు. చాపం మీద ఉండేది 15.9 నానోకూలుంబ్‌లే, కడ్డీ మీద 21. అయినా క్షేత్రం ఒకటే. కొసల మధ్య కోణం α అనుకుంటే పరిమాణం ఒక్క ముక్కలో వచ్చేస్తుంది: E = (2kλ/d) sin(α/2). 15,000 ను sin 37.87° తో గుణిస్తే మళ్లీ 9,209. పరీక్షలో రెండు అంశాల దారిన చేసినవారు జవాబు సరిచూసుకోవడానికి ఇంతకన్నా చౌకైన పద్ధతి లేదు. అయితే సమాకలనం రాయమన్న చోట దీన్ని ఒక్కదాన్నే రాస్తే మార్కులు రావు, అది వేరే సంగతి.

ఎక్కువమంది జారిపడేది గుర్తుల దగ్గర. లంబపాదం కడ్డీ మీద కాక బయట పడితే రెండు కోణాలూ ఒకే వైపు ఉంటాయి. ఉదాహరణకు అదే P కి, లంబపాదం నుంచి కుడివైపు 5 సెంటీమీటర్ల దగ్గర మొదలై 16 దగ్గర ముగిసే 11 సెంటీమీటర్ల కడ్డీ ఉందనుకుందాం. ఇప్పుడు sin θ₁ ధనం, కాబట్టి లంబ అంశం 7,500 × (0.8 − 0.3846), సుమారు 3,115. మొదటి లెక్కలోలా అలవాటుగా కూడేస్తే 8,885 వస్తుంది. కడ్డీ దాదాపు సగానికి తగ్గినా లంబ అంశం మారలేదంటే ఎక్కడో పొరపాటు జరిగిందని అక్కడే తెలిసిపోవాలి. చిత్రమేమిటంటే కడ్డీ వెంబడి అంశం మాత్రం నిజంగానే మారదు, 2,423 గానే ఉంటుంది. తీసేసిన 10 సెంటీమీటర్లు లంబపాదానికి రెండు వైపులా ఐదేసి చొప్పున ఉన్నవి. ఆ దిశలో వాటి నెట్టుడు అంతకుముందే కొట్టుకుపోయింది.

P కడ్డీ ఉన్న గీత మీదే, దాని కొస దాటి ఉంటే d సున్నా అవుతుంది. పై సూత్రాలు 0/0 అయిపోయి ఏమీ చెప్పవు. అక్కడ cos θ / d అంటే 1/r అని గుర్తు తెచ్చుకుంటే చాలు: కడ్డీ వెంబడి అంశం kλ(1/r₁ − 1/r₂) గా మారుతుంది, r₁, r₂ లు రెండు కొసలకూ దూరాలు. ఈ రూపానికి d సున్నా అయినా ఇబ్బంది లేదు.

ఈ లెక్కంతా λ స్థిరం అన్న షరతు మీద నిలబడింది. ఉన్ని గుడ్డతో రుద్దిన కడ్డీ మీద ఆవేశం అంత బుద్ధిగా పరుచుకోదు. గుండ్రటి లోహపు కడ్డీ అయితే ఆవేశం కొసల వైపు ఎక్కువగా చేరుతుంది. λ అనేది x తో మారితే సమాన కోణాల సూత్రం చెదిరిపోతుంది, చాపం కిటుకు పనిచేయదు, క్షేత్రం సమద్విఖండన రేఖను వదిలేస్తుంది. అప్పుడు కడ్డీని పొట్టి ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో λ స్థిరమని తీసుకుని, ప్రతి ముక్కకూ పై రెండు సూత్రాలూ వేసి అంశాలవారీగా కూడటం ఒక మార్గం. మన 21 సెంటీమీటర్ల కడ్డీని మూడేసి సెంటీమీటర్ల ఏడు ముక్కలు చేస్తే, వాటిలో ఏ ఒక్కదాని నడిమికీ P ఎదురుగా ఉండదు. నడిమి బిందువుకు కట్టిన సూత్రం అక్కడ ఒక్క ముక్కకూ పనికిరాదు.